చెల్లెలి గొంతులో తొమ్మిది మాటలు

ముందే చెప్పేస్తే ఒక పనైపోతుంది. అక్క ఆ రోజు స్టూడియోకి వెళ్ళింది సాయం చెయ్యడానికి కాదు. చెల్లెలి గొంతుకి ఆపరేషన్ అయిందని తెలిసిన దగ్గర్నుంచి పైకి అయ్యో అయ్యో అంటూనే ఉంది గానీ, లోపల ఎక్కడో హాయిగా అనిపించింది. అలా అనిపించినందుకు తనని తాను నానా తిట్లూ తిట్టుకుంది. ఎంత తిట్టుకున్నా ఆ హాయి మాత్రం పోలేదు.

ఏం చేస్తుంది మరి? పదకొండు సినిమాలు. పదకొండింటిలోనూ తెరమీద ముఖం చెల్లెలిది, గొంతు అక్కది. చెల్లెలి గొంతు చిన్నప్పటి నుంచీ కాస్త గరగరగా ఉంటుంది. మొదటి సినిమా తీసినాయన ఆ గొంతు విని, "అమ్మాయి బాగుంది, నోరు విప్పకపోతే ఇంకా బాగుంటుంది" అన్నాడు. పక్కనే కూర్చున్న అక్క అప్పటికే డబ్బింగ్‌లో పేరున్న మనిషి. చెల్లెలి పెదాలు ఎలా కదులుతాయో ఆమెకన్నా బాగా తెలిసినవాళ్ళు ఎవరుంటారు? అలా మొదలైంది. ఇద్దరూ కలిస్తే ఒక హీరోయిన్ అయ్యేది. అవార్డులు మాత్రం ఒక్కరికే వచ్చేవి. అక్క పేరు సినిమా ఆఖర్న, జనం చెప్పులు వెతుక్కుంటున్నప్పుడు, చీమ తలకాయంత అక్షరాల్లో పైకి పాకి పోయేది.

అయినా అక్క ఏనాడూ బాధపడలేదు. ఎందుకంటే అమ్మ ఉంది. ప్రతి సినిమా విడుదలైన రోజూ మొదటి ఆట చూసి అమ్మ ముందు పెద్దకూతురికే ఫోన్ చేసేది. "విన్నానే నీ గొంతు! అది ఊరికే నోరు ఆడిస్తుంది, అంతే. నా పెద్దదాని గొంతు నేను నిద్రలో అయినా గుర్తుపడతాను" అనేది. ఆ ఒక్క ఫోనుతో అక్కకి ఏడాది గడిచిపోయేది.

పన్నెండో సినిమాకి ఒక కుర్ర డైరెక్టరు వచ్చాడు. గడ్డం, గళ్ళ చొక్కా, మాట్లాడితే గాల్లో చేతులు తిప్పడం. "నాకు డబ్బింగ్ వద్దు. సెట్‌లో మాట్లాడిందే తెరమీద వినపడాలి. ఆమె గొంతులో ఆ గరగర ఉంది చూశారూ, అదే నా పాత్ర" అన్నాడు. చెల్లి ఎగిరి గంతేసినంత పని చేసింది. అక్కకి కబురు కూడా రాలేదు. ఎవరడిగినా, "మంచిదేగా, నాకూ కాస్త విశ్రాంతి" అంటూ నవ్వింది. ఇంటికెళ్ళి గిన్నెలు తోముతుంటే రెండు గ్లాసులు పగిలాయి. అవి జారి పగిలాయా, ఆమె పగలగొట్టిందా అన్నది ఆమెకే తెలియాలి.

సినిమా అంతా పూర్తయి ఎడిటింగ్ బల్ల మీదికి వచ్చాక ఒక సీనులో పేచీ వచ్చింది. అద్దె ఇంటి వంటగది, సామాన్లన్నీ సర్దేశారు, గది బోసిగా ఉంది. భార్య నేల మీద కూర్చుని ఉంటుంది. విడిపోతున్న భర్త గుమ్మంలో నిలబడి ఉంటాడు. ఆమె దగ్గరి షాట్లు తీస్తున్నంతసేపూ మేడమీద ఎవరో నీళ్ళ మోటారు వేసి వదిలేశారు. ఆ గుర్రుగుర్రు ఆమె మాటల్లో కలిసిపోయింది. అతని వైపు షాట్లు తీసేసరికి మోటారు ఆగింది కాబట్టి అతని మాటలు బాగానే వచ్చాయి. ఆమెవి పద్నాలుగు మాటలు, అంటే డైలాగులు. అందులో అయిదు, మోటారు వెయ్యకముందు తీసిన దూరపు షాట్లోవి, శుభ్రంగా ఉన్నాయి. తొమ్మిది పాడైపోయాయి. ఆ ఇంట్లో ఈపాటికి ఎవరో చేరిపోయారు. చెల్లికేమో గొంతు నరాల మీద కాయ కోసి తీశారు. ఆరు వారాలు నోరు తెరవకూడదు, గుసగుస కూడా ఆడకూడదు అన్నాడు డాక్టరు. సినిమా విడుదలకి మాత్రం మూడు వారాలే ఉంది.

అందుకని డైరెక్టరు అక్కకి ఫోన్ చేశాడు. "తొమ్మిదే మాటలు మేడమ్. చెల్లెలుగారి గొంతులో, అచ్చం ఆవిడ చెప్పినట్టే కావాలి. కలిస్తే సరే. కలవకపోతే..." అని నసిగాడు. "ఒక మనిషికి రెండు గొంతులు ఉండకూడదు కదా. సినిమా మొత్తం మీ చేతే చెప్పించేస్తాను. వేరే దారి లేదు."

అదీ సంగతి. కలిస్తే అక్క తొమ్మిది మాటల్లో కరిగిపోతుంది, ఆమె ఉందని కూడా ఎవరికీ తెలీదు. కలవకపోతే సినిమా మొత్తం ఆమెది. కలవకుండా చెయ్యడం అక్కకి ఎంత సేపు? బాగా చెబితే చాలు.

*

స్టూడియోలో రికార్డిస్టుని అందరూ ఉష్ గారు అంటారు. ముప్పై ఏళ్ళుగా పొద్దున్నించీ సాయంత్రం దాకా జనాన్ని "ఉష్" అనడమే ఆయన ఉద్యోగం. అక్క మాత్రం బాబాయ్ అంటుంది. ఆయన చెవులకి దొరక్కుండా ఎవరూ ఏ తప్పూ చెయ్యలేరని కూడా ఆమెకి తెలుసు. ఆ ఒక్క భయంతోనే లోపలికి అడుగుపెట్టింది.

అద్దానికి ఇవతల, ఉష్ గారి బల్ల దగ్గర, డైరెక్టరు పక్కన చెల్లి కూర్చుని ఉంది. మెడకి మఫ్లరు చుట్టుకుంది. ఒళ్ళో పిల్లలు రాసుకునే పలక, చేతిలో బలపం. అక్కని చూడగానే పలక ఎత్తి చూపించింది. "థాంక్స్ అక్కా."

"ఆ మాటకేముందిలే. నువ్వు ఊరికే రాయకు, చెయ్యి నొప్పెడుతుంది" అంది అక్క. ఆ మాటలో తీపి కాస్త ఎక్కువైందని ఆమెకే అనిపించింది.

ముందు సీను చూపించారు. బాగుండదని అక్క గట్టి నమ్మకంతో ఉంది. ఎలా బాగుంటుంది, ఆ గొంతుతో? బాగుంది. ఖర్మ, చాలా బాగుంది. చెల్లి ఏడవలేదు, గొంతు పెంచలేదు. అతను ఏదో గిన్నె తీసి పెట్టెలో పెట్టబోతుంటే, "ఆ గిన్నె నాది" అంది. అంతే. మోటారు రొద కింద కూడా ఆ గరగర, ఎండిన నేల మీద చీపురు వేసినట్టు, మాట మొదట్లో కొంచెం వినపడింది. ఆఖరి మాట "వెళ్ళేటప్పుడు లైటు ఆర్పెయ్." అది చెప్పేటప్పుడు ఆమె అతని వైపు చూడను కూడా చూడలేదు.

ఇదెప్పుడు నేర్చుకుంది ఇది? నన్నడక్కుండా ఎవరి దగ్గర నేర్చుకుంది? అక్కకి ఒళ్ళంతా మంటెత్తిపోయింది.

"పదమ్మా, లోపలికి" అన్నాడు ఉష్ గారు.

లోపల గది గోడలన్నిటికీ మెత్తటి గుడ్డ కప్పి ఉంటుంది. అక్కడ దగ్గినా తుమ్మినా చప్పుడు అక్కడికక్కడే చచ్చిపోతుంది. ఎదురుగా తెర. ఒక చెవికే హెడ్‌ఫోను, అందులో చెల్లి సెట్‌లో చెప్పిన పాత మాట వినిపిస్తారు. తర్వాత బీప్, బీప్, బీప్. నాలుగో బీప్ రావలసిన చోట బీప్ రాదు, మాట మొదలవ్వాలి. అక్కకి అది ఊపిరి పీల్చుకోవడంతో సమానం. మామూలుగా వాడే లావుపాటి మైకు కనిపించలేదు. దాని బదులు నెత్తిమీద కాస్త ముందుకి ఒక పొడవాటి సన్నటి మైకు వేలాడుతోంది.

"ఇదేంటి బాబాయ్, మన మైకు ఏది?"

"సెట్‌లో వాడింది ఇలాంటిదే. అక్కడి సౌండాయన్ని అడిగి తెప్పించా. మన మైకు మరీ గారం చేస్తుందమ్మా, ఏ గొంతునైనా ఒళ్ళో కూర్చోబెట్టుకుంటుంది. ఆ వంటింట్లో మైకు నేలకి ఇంత ఎత్తున, ఆమెకి ఒకటిన్నర మూర దూరంలో ఉంది." ఆయన లోపలికొచ్చి నేలమీద సుద్దతో గీత గీశాడు. "ఈ గీత దాటకు."

మొదటి మాట. బీప్, బీప్, బీప్. అక్క నిలబడి, ఛాతీ నిండా గాలి తీసుకుని, "ఆ గిన్నె నాది" అంది. అద్దం అవతల డైరెక్టరు "అబ్బా!" అనడం పెదాల్లో కనపడింది. ఎందుకనడు? గుండెలు పిండేలా చెప్పింది. రెండోది, "పెట్టెలో పెట్టకు." పెదాలు కలిసే చోట కచ్చితంగా కలిపింది, వెంట్రుకవాసి తేడా లేదు. మూడోది చెప్పేటప్పుడు ఆమె కుడికాలు తనకి తెలియనట్టే గీత దాటి అరడుగు ముందుకి పడింది. తనకి తెలియకుండా పడిందని చెబితే నమ్మకండి. ఇరవై రెండేళ్ళుగా మైకు ముందు నిలబడుతున్న మనిషి కాలు ఊరికే పడదు. అరడుగు దగ్గరికి జరిగితే మాట వినేవాడి చెవిలో చెప్పినట్టు వస్తుంది. ఆ బోసి వంటింట్లో అలాంటి మాటకి చోటే లేదు.

ఉష్ గారు ఆ మూడు మాటల్నీ సీనులో పెట్టి వినిపించాడు. అతని మాట వంటింట్లోంచి వచ్చింది, ఆమె మాట రేడియోలోంచి వచ్చింది.

"విడిగా వింటే ఎంతో బాగుంది, ఇక్కడ అతికించినట్టు ఉందేంటి?" అన్నాడు డైరెక్టరు.

"గది వినపడట్లేదు, అందుకు" అన్నాడు ఉష్ గారు. బొత్తం నొక్కి అక్కతో, "అమ్మా, గీత" అన్నాడు.

"అయ్యో, దాటానా? సారీ బాబాయ్."

మళ్ళీ చెప్పింది. దూరం సరిపోయింది. ఇప్పుడు ఉష్ గారు దాని కింద ఆ వంటింటి ఖాళీ చప్పుడు పరిచాడు. మోటారు ఆగాక సెట్‌లో అందర్నీ కదలకుండా నిలబెట్టి, ఒక నిమిషంపాటు ఊరికే గదినే రికార్డు చేసి పెట్టుకున్నారు. ఎక్కడో దూరాన రోడ్డు, కిటికీలోంచి గాలి, ఏమీ లేనట్టు ఉంటుంది గానీ, అది లేకపోతే ప్రతి కొత్త మాట చుట్టూ చిల్లు పడ్డట్టు వినపడుతుంది. అదే గదిలో కొట్టిన ఒక్క చప్పట్లోంచి గోడల మోతని పట్టి, దాన్ని కూడా మాటకి కొంచెం పట్టించాడు. చిల్లు పూడింది, గోడలు వచ్చాయి. అయినా కలవలేదు. ఇప్పుడు తేడా గదిలో లేదు, మనిషిలో ఉంది. వంటింట్లో ఇద్దరు ఆడవాళ్ళు ఉన్నట్టుంది. ఒకామె అలిసిపోయింది, రెండో ఆమె అలిసిపోయినట్టు చక్కగా నటిస్తోంది.

అయిదు మాటలయ్యాయి. ఒక్కటీ అతకలేదు. డైరెక్టరు గడియారం చూసుకున్నాడు. "మధ్యాహ్నం దాకా చూద్దాం. లేదంటే రేపట్నుంచి మొదటి రీలుతో మొదలెట్టేద్దాం మేడమ్. మీకు డేట్లు ఉన్నాయిగా?"

"చూసుకోవాలి" అంది అక్క. చూసుకునేదేమీ లేదు. గుండె డప్పులా కొట్టుకుంటోంది. సంతోషమే అది, పేరు మార్చి చెప్పుకోవడం ఎందుకు?

ఉష్ గారు టీకి ఆపాడు. వెళ్తూ వెళ్తూ అక్క దగ్గర ఆగి, మెల్లిగా అన్నాడు. "నాకు చెవులు చెడిపోలేదమ్మా. నీకేమీ చేతకాక కాదు ఇది."

*

నడవాలో నీళ్ళ కుళాయి దగ్గర చెల్లి అడ్డంగా నిలబడింది. పలక ఎత్తింది. "కావాలనే చేస్తున్నావు."

"ఏం చేస్తున్నానే? నోటికొచ్చినట్టు మాట్లాడకు" అంది అక్క. మాట్లాడలేనిదాన్ని మాట్లాడకు అన్నానే అని మరుక్షణం తోచింది. దాంతో ఇంకా కోపమొచ్చింది.

చెల్లి చేత్తో తుడిచి మళ్ళీ రాసింది. "అరడుగు. చూశాను."

"చూశావా? చాలా చూశావులే. నేనూ చూశాను. పన్నెండో సినిమాకి నాకు ఒక్క ముక్క చెప్పావా? నా గొంతుతో పైకొచ్చి, ఇప్పుడు నీ గొంతే గొప్పదైపోయిందా? ముఖం నీదే, పేరు నీదే, దండలు నీవే. గొంతొక్కటి నాకుంది. అది కూడా నీకే కావాలా? అన్నీ నీకేనా?" అక్క గొంతు నడవా అంతా మోగింది. ఉష్ గారుంటే మైకు సర్దేవాడు.

చెల్లి రాస్తోంది. బలపం కిచకిచమంటోంది. కొట్లాటలో ఒకరు అరుస్తుంటే రెండోవాళ్ళు కూర్చుని దస్తూరీ దిద్దుకుంటున్నట్టు ఉంటే ఎంత ఒళ్ళు మండుతుందో, అక్కకి అంత మండింది.

"కానీ, రాయి రాయి. రామకోటి రాస్తున్నావా?"

చెల్లి పలక తిప్పింది. "పదకొండు సినిమాలు. చప్పట్లు నీ మాటలకి కొట్టారు. నేను పెదాలు ఆడించాను." తుడిచింది. మళ్ళీ రాసింది. "అమ్మ నాకు ఒక్కసారి కూడా ఫోన్ చెయ్యలేదు."

అక్క ఆ అక్షరాలు రెండుసార్లు చదువుకుంది. అమ్మ ఫోను తనకి వస్తుందని తెలుసు. చెల్లికి రాదని ఎప్పుడూ అనుకోలేదు. వచ్చే ఉంటుందిలే, తనకి చేశాక దానికీ చేస్తుందిలే అనుకుంది. అనుకుని కూడా ఎప్పుడూ అడగలేదు. అడిగితే అమ్మ ఫోను విలువ సగమైపోతుందని భయం. జాలి పడాల్సింది. ముందు మాత్రం కాస్త గర్వం వచ్చింది. ఆ తర్వాత, ఆ గర్వాన్ని చూసి సిగ్గేసింది.

"అది కాదే..." అని ఏదో అనబోయింది. చెల్లి పలక కింద పెట్టేసింది. కళ్ళు ఎర్రబడ్డాయి, నుదుటి నరాలు లేచాయి, పెదాలు విడిపడ్డాయి. నోరు తెరిచి మాట్లాడబోతోంది.

అక్క చెయ్యి ముందుకి దూకింది. అరచేత్తో చెల్లి నోరు గట్టిగా మూసేసింది. "మాట్లాడకు! పిచ్చా నీకు? పుండు ఇంకా పచ్చిగా ఉంది, గొంతు పూర్తిగా పోతుంది!"

అరచేతి కింద చెల్లి ఊపిరి వేడిగా తగులుతోంది. ఆ గొంతు పోతే ఈ ఒక్క సినిమా కాదు, ఇక ముందు అన్నీ తనవే. ఆ సంగతి అక్కకి అప్పుడే తట్టింది. చెయ్యి మాత్రం తియ్యలేదు.

"సర్లే. పద" అంది చివరికి. "ఏడవకు. ఏడిస్తే కూడా గొంతు పాడవుతుంది. ఆ మాట ఎలా చెప్పావో నాకు చూపించు."

*

"బాబాయ్, చెల్లి కూడా లోపలికొస్తుంది" అంది అక్క. ఉష్ గారు తల ఊపి, చెల్లిని చేతి గడియారం తీసేయమని సైగ చేశాడు. అది టిక్కుమన్నా మైకు పట్టేస్తుంది.

చెల్లి సుద్దగీత ఇవతల నేలమీద చతికిలబడింది. మోకాళ్ళు రెండూ గుండెలకి అదుముకుని చేతులతో చుట్టేసింది. గడ్డం మోకాలి మీద పెట్టింది. అక్క తల కొట్టుకుంది. తెరమీద పొద్దున్నించీ అదే కనిపిస్తోంది కదా! ముఖం దగ్గరి షాటు కావడంతో ఆమె ముఖమే చూసింది, మోకాళ్ళు మర్చిపోయింది. నిలబడి ఛాతీ నిండా గాలి పీల్చుకుని చెబుతోంది. ఇలా ముడుచుకుని కూర్చున్న మనిషికి అంత గాలి ఎక్కడిది? గడ్డం మోకాలికి ఆని ఉంటే దవడ అంత తెరుచుకుంటుందా?

అక్క కూడా కూర్చుంది. నలభై నాలుగేళ్ళ మోకాళ్ళు కటకటమన్నాయి. ఉష్ గారు గాజు వెనకాల నవ్వు ఆపుకుంటూ వచ్చి, మైకుని ఆమె కూర్చున్న ఎత్తుకి దించి, మళ్ళీ కొలిచాడు. ఒకటిన్నర మూర.

చెల్లి పలక మీద రాసింది. "ముందు నాలుగు పెట్టెలు మోశాను. ఊపిరి అయిపోయాక చెప్పాను." అక్క పొట్టమీద చెయ్యి పెట్టి మెల్లిగా నొక్కింది. ఉన్న గాలంతా బయటికి పోయింది. మిగిలిన ఆ కాస్తతో చెప్పమన్నట్టు వేలు చూపించింది.

"నేను మంచినీళ్ళు తాగను, గొంతు ఎండిపోనీ" అంది అక్క. రెండు నిమిషాలు నోరు తెరిచి గాలి పీల్చింది. గొంతు బొంగురుపోయింది. తను జీవితమంతా తేనెతో, వేణ్ణీళ్ళతో కాపాడుకున్న గొంతు.

బీప్, బీప్, బీప్.

అక్క తెర వైపు చూడలేదు. ఎదురుగా చెల్లి పెదాల వైపు చూసింది. చెల్లి శబ్దం లేకుండా, ఊపిరి కూడా వదలకుండా, మాటని పెదాలతో మాత్రం అంది. అక్క దాని తర్వాత కాదు, దానితోపాటే అంది. "ఆ గిన్నె నాది."

పదకొండు సినిమాల పాటు చెల్లి పెదాలు ఆడించింది, అక్క మాట్లాడింది. ఇప్పుడూ అదే జరిగింది. కాకపోతే ఈసారి నడిపించింది చెల్లి. అది అక్కకి నచ్చలేదు. అబద్ధమెందుకు, ఏ కోశానా నచ్చలేదు. ప్రతి మాటకీ ఇంకొంచెం బాగా చెప్పాలని నాలుక దురద పెట్టింది. "నాకేం అక్కర్లేదు" అన్న మాట దగ్గర తను అయితే ఒక చిన్న వణుకు పెట్టేది, హాలంతా కళ్ళు తుడుచుకునేది. చెల్లి పెట్టలేదు. అక్కా మింగేసింది.

ఆఖరి మాటకి ఏడుసార్లు పట్టింది. ఆరుసార్లూ ఉష్ గారు తల అడ్డంగా తిప్పాడు. ఏడోసారి చెల్లి, సీనులో భర్త వైపు చూడనట్టే, అక్క వైపు చూడ్డం మానేసి గోడ వైపు తిరిగింది. అక్కకి పెదాలు కనపడకుండా పోయాయి. "వెళ్ళేటప్పుడు లైటు ఆర్పెయ్" అని ఒంటరిగా అనేసింది. బయట ఉష్ గారి బొటనవేలు లేచింది.

డైరెక్టరు కళ్ళు మూసుకుని సీనంతా విన్నాడు. కొత్త మాట అనిపించినప్పుడల్లా ఒక వేలు మడిచాడు. అయిపోయేసరికి నాలుగు వేళ్ళు మడిచి ఉన్నాయి.

"ఏవేవి?" అన్నాడు ఉష్ గారు.

చెప్పాడు. అందులో రెండు, సెట్‌లో చెల్లి చెప్పినవే.

డైరెక్టరు లేచి అక్కకి దండం పెట్టాడు. "మీరు ఎక్కడున్నారో కనపడట్లేదు మేడమ్!" అన్నాడు. అంతకన్నా పెద్ద పొగడ్త తనకి తెలియదన్నట్టు. అక్క నవ్వింది. మొదటి రీలు పోయింది, సినిమా పోయింది, డేట్లన్నీ ఖాళీగానే ఉన్నాయి.

వెళ్ళిపోతుంటే ఉష్ గారి బల్ల దగ్గర ఆగింది. "బాబాయ్, ఆ తొమ్మిదీ నావని చెవితో పట్టగలిగేది మీరొక్కరే. నిండు నూరేళ్ళు బతకండి."

"చూద్దాంలే" అన్నాడాయన. "ఉష్. పక్క గదిలో రికార్డింగ్ అవుతోంది."

*

సినిమా విడుదలైంది. "సొంత గొంతుతో" అని గోడలనిండా పెద్ద అక్షరాలు. ఆ మధ్యాహ్నం అక్క వంటింట్లో కూరగాయలు తరుగుతోంది, చెల్లి ఎదురుగా కుర్చీలో కూర్చుని ఉంది. పుండు అనుకున్నదానికన్నా ముందే మానిందని డాక్టరు రోజుకి పది నిమిషాలు మాట్లాడొచ్చన్నాడు. ఆ పది నిమిషాల్నీ అది పిసినారిలా దాచుకుంటోంది. అక్క ఫోను మోగింది. అమ్మ. చేతులు తడిగా ఉన్నాయని అక్క స్పీకరు పెట్టింది.

"చూశానే సినిమా" అంది అమ్మ. గొంతు గద్గదంగా ఉంది. "ఇన్నాళ్ళూ దానికి మాట్లాడ్డం రాదనుకున్నాను. ఆ వంటింటి సీను ఉంది చూడూ, గిన్నె నాది అంటుందే, నాకు దుఃఖం ఆగలేదు. లైటు ఆర్పెయ్ అన్నప్పుడైతే పక్కావిడ చెయ్యి పట్టుకున్నాను. నువ్వు ఏమీ అనుకోకు పెద్దదానా, నువ్వు చక్కగా చెబుతావు గానీ, అలా నీకు రాదే. అది నా చిన్నదాని గొంతే. నిద్రలో లేపి అడిగినా చెబుతాను."

కత్తి ఆగిపోయింది. పదకొండు సినిమాల్లో లేనంత కుళ్ళు ఆ ఒక్క క్షణంలో అక్క గొంతులోకి వచ్చి కూర్చుంది. ఎవరి మీద కుళ్ళుకుంటోందో చూసుకుంటే, ఆ మాటలు చెప్పిన మనిషి తనే.

చెల్లి కుర్చీలోంచి లేచింది. ముఖం తెల్లబోయి ఉంది. "అమ్మా, అది నేను కాదు, అక్..." అంటూ నోరు తెరిచింది.

అక్క చెయ్యి దూకింది. తడి చేత్తో, ఉల్లిపాయ వాసనతో, చెల్లి నోరు గట్టిగా మూసేసింది. చెల్లి గింజుకుంది. అక్క వదల్లేదు.

"ఏమంటోందే అది?" అంది అమ్మ. "పక్కనే ఉందా?"

"పక్కనే ఉందమ్మా" అంది అక్క. తన గొంతు, తేనెతో కాపాడుకున్న ఆ గొంతు, ఎక్కడా వణకలేదు. "నువ్వన్నది నిజమే. అలా నాకు రాదు. ఉండు, దానికే ఇస్తున్నాను, నువ్వే చెప్పు."

ఫోను చెల్లి చేతిలో పెట్టి, మళ్ళీ కూరగాయల దగ్గరికి వెళ్ళి కూర్చుంది. వీపు చెల్లి వైపు తిప్పుకుంది. కన్నీళ్ళు కారితే ఉల్లిపాయల మీదికి నెట్టొచ్చు కదా అని, ముందు వాటినే అందుకుంది.